హ్యాష్ టేబుల్ ల్యాబ్‌లో 50.50: సహాయం ఎక్కడిదాకా, అబద్ధం ఎక్కడినుంచి

డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ చూసుకునేవాళ్ళకి కాపీ కేసులు కొత్తేం కాదు, చాలావరకు ఫైల్ మొత్తం ఎత్తేసి వేరియబుల్ పేర్లు మార్చినవే ఉంటాయి, వాటి గురించి రాయడానికి పెద్దగా ఏం ఉండదు. ఈ కేసు అలాంటిది కాదు. ఇందులో ఉన్న అబ్బాయి బద్ధకస్తుడు కాదు, ప్రోగ్రామ్‌లో సగం పైన తనే రాశాడు, కొలతలు కూడా నిజంగానే తీశాడు, అయినా చివరికి రిపోర్ట్‌లో లేనిది ఉన్నట్టు రాశాడు. అదెలా జరిగిందో వరసగా చూస్తే ఏ సహాయం ఓకే, ఏది కాదు అన్న ప్రశ్నకి జనరల్‌గా చెప్పే రూల్స్ కంటే మెరుగైన జవాబు దొరుకుతుంది అనిపించి రాస్తున్నా. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ముందు ల్యాబ్ ఏంటో చెప్తాను. 101 స్లాట్ల హ్యాష్ టేబుల్, సి లాంగ్వేజ్‌లో, లీనియర్ ప్రోబింగ్‌తో. అంటే కీని 101తో భాగిస్తే వచ్చే శేషమే మొదటి స్లాట్, అది నిండి ఉంటే పక్కది, అదీ నిండి ఉంటే దాని పక్కది. రాయాల్సినవి insert, find, delete. తర్వాత టేబుల్‌ని 50, 76, 91 కీలతో నింపి రెండు సగటులు కొలవాలి: ఉన్న కీని వెతకడానికి ఎన్ని స్లాట్లు చూడాల్సి వస్తోంది, లేని కీని వెతకడానికి ఎన్ని. లేని కీ విషయంలో 101 స్లాట్లలో ప్రతి స్లాట్ నుంచీ ఒక్కోసారి మొదలెట్టి ఖాళీ స్లాట్ తగిలేదాకా లెక్కపెట్టి సగటు తీయమని షీట్‌లోనే ఉంది. మార్కులు 20: ప్రోగ్రామ్‌కి 8, కొలతలకి 6, వైవాకి 6. రిపోర్ట్ చివర "తీసుకున్న సహాయం" అని ఒక పేరా తప్పనిసరి. ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, కోడ్ మాత్రం ఎవరిది వాళ్ళు రాయాలి, ఇదీ కోర్సు రూల్.

అబ్బాయి రిపోర్ట్‌లో ఆ పేరాలో ఒకటే ముక్క ఉంది: "ఎవరి సహాయం తీసుకోలేదు."

నాకు అనుమానం వచ్చింది కోడ్ చూసి కాదు, కొలతల టేబుల్ చూసి. 91 కీల దగ్గర ఉన్న కీకి 5.50, లేని కీకి 50.50 అని ఉంది, కింద "పై విలువలన్నీ నా ప్రోగ్రామ్ రన్ చేసి కొలిచినవి" అని కూడా ఉంది. లీనియర్ ప్రోబింగ్ చదివినవాళ్ళకి ఈ నంబర్లు చూడగానే తెలిసిపోతాయి. 1960ల మొదట్లో డొనాల్డ్ నూత్ తీసిన ఫార్ములాలు ఉన్నాయి కదా, టేబుల్ ఎంత భాగం నిండిందో α అనుకుంటే ఉన్న కీకి ½(1 + 1/(1−α)), లేని కీకి ½(1 + 1/(1−α)²). α = 0.9 వేస్తే కరెక్ట్‌గా 5.5, 50.5 వస్తాయి.

ఫార్ములాకి దగ్గరగా ఉండటం తప్పేం కాదుగా, బాగా కొలిస్తే దగ్గరగానే రావాలిగా అని ఎవరైనా అనొచ్చు. ఇక్కడే కొంచెం లెక్క చేయాలి. ఆ ఫార్ములా టేబుల్ చాలా పెద్దదైనప్పుడు పనికొచ్చేది, 101 స్లాట్లకి కాదు. చిన్న టేబుల్‌లో వరసగా నిండిన స్లాట్ల గుంపు టేబుల్ కంటే పెద్దగా పెరగలేదు కాబట్టి అసలు సగటులు బాగా తక్కువ వస్తాయి. 101 స్లాట్లలో 91 కీలకి కరెక్ట్ లెక్క కడితే ఉన్న కీకి దాదాపు 3.8, లేని కీకి దాదాపు 20. ఇంకా గట్టిగా చెప్పాలంటే, 91 కీలూ ఒకే గుంపుగా అతుక్కుపోయిన అతి దరిద్రమైన టేబుల్ తీసుకోండి. గుంపు మొదట్లో మొదలెడితే 92 స్లాట్లు చూడాలి, తర్వాత 91, అలా 2 దాకా, వాటి మొత్తం 4277, మిగిలిన ఖాళీ స్లాట్లు పదికీ ఒక్కోటి కలిపితే 4287. దాన్ని 101తో భాగిస్తే 42.4. అంటే ఎంత దురదృష్టం పట్టినా ఈ టేబుల్‌లో 42.4 దాటదు, 50.50 అసలు రావడానికే వీల్లేదు. 5.50 కూడా అంతే, 91 కీలని ఒక్కోసారి వెతికితే మొత్తం పూర్ణ సంఖ్యే అవ్వాలి, 500 అయితే సగటు 5.49, 501 అయితే 5.51, మధ్యలో 5.50 లేదు.

కాబట్టి కోడ్ ఎవరిదన్న మాట పక్కన పెట్టినా, "కొలిచినవి" అన్న వాక్యం నిజం కాదని అక్కడే తేలిపోయింది.

కోడ్ సంగతి తర్వాత వచ్చింది. మేము అన్ని సబ్మిషన్లనీ మాస్ అనే టూల్‌లో వేస్తాం, 1994 నుంచి ఉన్నదే, స్టాన్‌ఫర్డ్‌లో నడుస్తుంది. వేరియబుల్ పేర్లు మార్చినా, స్పేసులు మార్చినా దానికి తేడా పడదు, కోడ్‌లో చిన్న చిన్న ముక్కల వేలిముద్రలు తీసి పోలుస్తుంది. అబ్బాయి insert ఫంక్షన్ ఇంకో అమ్మాయి insertతో మ్యాచ్ అయ్యింది. మిగతా ఫైల్‌లో పోలిక లేదు. ఇలాంటి చిన్న ఫంక్షన్ మ్యాచ్ అయితే నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే లీనియర్ ప్రోబింగ్‌లో insert ఎవరు రాసినా కాస్త అటూ ఇటూగా అలాగే ఉంటుంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో మాస్ ఎలాగూ చెప్పదు, ఇద్దరూ కలిసి మూడో చోట నుంచి తీసుకున్నా అలాగే కనిపిస్తుంది. కానీ ఇక్కడ ఇద్దరి దాంట్లో ఒకే బగ్ ఉంది:

```c
int insert(int key) {
    int i = key % M;
    while (slot[i].state == FULL && slot[i].key != key)
        i = (i + 1) % M;
    slot[i].key = key;
    slot[i].state = FULL;
    return i;
}
```

లీనియర్ ప్రోబింగ్‌లో డిలీట్ చేసినప్పుడు స్లాట్‌ని EMPTY చేయకూడదు, చేస్తే ఆ స్లాట్ దాటి వెనకాల ఉన్న కీలు మళ్ళీ దొరకవు, ఎందుకంటే find ఖాళీ కనపడగానే ఆగిపోతుంది. అందుకే DELETED అని గుర్తు పెడతాం, find దాన్ని దాటుకుని ముందుకెళ్తుంది. పై కోడ్‌లో insert మాత్రం మొదటి DELETED దగ్గరే కూర్చుండిపోతుంది, అదే కీ ముందు ఇంకెక్కడైనా ఉందేమో చూడదు. 5, 106 రెండూ 101తో భాగిస్తే శేషం 5. రెండూ పెట్టండి, 106 ఆరో స్లాట్‌లోకి పోతుంది. 5ని తీసేయండి. 106ని మళ్ళీ insert చేయండి, ఐదో స్లాట్‌లో పడుతుంది, ఇప్పుడు టేబుల్‌లో 106 రెండు చోట్ల ఉంది. ఇప్పుడు 106ని డిలీట్ చేసి వెతికితే ఇంకా దొరుకుతూనే ఉంటుంది. ఈ బగ్ అరుదైనదేం కాదు గానీ, లూప్ రాసిన తీరు, బగ్ రెండూ కలవడం, ఫైల్‌లో మిగతా కోడ్ శైలి వేరుగా ఉండటం చూస్తే మాట్లాడాల్సిందే అనిపించింది.

అమ్మాయి రిపోర్ట్‌లో సహాయం పేరాలో ఇలా ఉంది: "నా insert ఒక క్లాస్‌మేట్‌కి పంపించాను, అతను అడిగాడు. డిలీట్ గురించి మేమిద్దరం మాట్లాడుకున్నాం." ఎవరు ఎవరికి ఇచ్చారో టూల్ చెప్పలేనిది ఈ ఒక్క లైన్ చెప్పేసింది. ఆమె గిట్ లాగ్‌లో ఆ ఫంక్షన్ చాలా కమిట్లలో మెల్లగా తయారైంది, అతని దాంట్లో ఒకేసారి మొత్తం వచ్చి పడింది. గిట్ లాగ్ ఒక్కటే సాక్ష్యం అని నేను అనను, కొందరు రోజంతా రాసి ఒకేసారి కమిట్ చేస్తారు, అది వాళ్ళ అలవాటు.

అబ్బాయిని పిలిచి ముందు 106 కథ బోర్డ్ మీద వేయమన్నా. find, delete గురించి గడగడా చెప్పాడు, insert దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు.

"ఈ లూప్ DELETED దగ్గర ఎందుకు ఆగుతుంది?" అన్నా.

"ఖాళీ ఉంది కదా సర్, అక్కడ పెట్టేయొచ్చు అని."

"106 ఆల్రెడీ ముందు ఉంటే?"

కాసేపు బోర్డ్ వైపే చూసి, "సర్, ఇది నేను రాయలేదు" అన్నాడు.

తర్వాత మొత్తం చెప్పాడు. మొదట అతని delete స్లాట్‌ని EMPTY చేస్తోంది, కీలు మాయమైపోతున్నాయి, ఎంతసేపు చూసినా ఎందుకో అర్థం కాలేదు. ఆ అమ్మాయి స్క్రీన్ చూసి, "డిలీట్ అయ్యాక వెనకవి పోతున్నాయంటే నీ find మధ్యలో ఖాళీ చూసి ఆగిపోతోందేమో, 5, 106 పెట్టి కాగితం మీద వేసి చూడు" అంది. అతను వేసి చూశాడు, అర్థమైంది, DELETED పెట్టి find, delete తనే మార్చాడు. కానీ insert మార్చబోతే అనంత లూప్‌లో పడింది, రాత్రయిపోయింది, ఆమెని ఫైల్ పంపమన్నాడు, ఆమె పంపింది, ఫంక్షన్ పేస్ట్ చేసి వేరియబుల్ పేర్లు మార్చాడు. పొద్దున కొలతలు తీస్తే ఉన్న కీకి 3.58, లేని కీకి 18.54 వచ్చాయి. పుస్తకంలో 5.5, 50.5 ఉన్నాయి. తన కోడ్ తప్పు అనుకున్నాడు. ఇంకో ఫ్రెండ్‌ని అడిగితే "ఫార్ములా వాల్యూస్ వేసెయ్ రా, ఎవరు చూస్తారు" అన్నాడట. వేసేశాడు.

ఈ కేసులో నాకు బాగా చిరాకు తెప్పించింది అదే. అతని 3.58 కరెక్ట్. మొత్తం 326 ప్రోబ్‌లు, అంటే చూసిన స్లాట్లు, 91 కీలు, లెక్క సరిపోతోంది. 18.54 కూడా ఈ సైజు టేబుల్‌కి మామూలే. పుస్తకంతో ఎందుకు కలవట్లేదో అని రెండు లైన్లు రాసుంటే ఆ క్లాసులో అదే బెస్ట్ రిపోర్ట్ అయ్యేది.

ఇక ఏ మెట్టు దగ్గర ఏం జరిగిందో విడదీసి చూద్దాం. మొదటి సహాయం, అంటే ఆ అమ్మాయి చెప్పిన హింట్, పూర్తిగా సరైనది, ఇంకా చెప్పాలంటే మంచి సహాయానికి నమూనా. ఆమె ఏది చూడాలో చెప్పింది, ఏం రాయాలో చెప్పలేదు. అతని కోడ్ ఆమె చూసింది, ఆమె కోడ్ అతను చూడలేదు. హార్వర్డ్ సీఎస్50 కోర్సులో కూడా ఇలాంటి రూలే ఉంది, సహాయం అడిగేటప్పుడు మీ కోడ్ ఎదుటివాళ్ళకి చూపించొచ్చు, వాళ్ళ కోడ్ మీరు చూడకూడదు అని. ఈ దిక్కు చాలా ముఖ్యం, ఎందుకంటే సమాధానం ఒకసారి చూశాక దాన్ని చూడనట్టు రాయడం ఎవరివల్లా కాదు, నిజాయితీ ఉన్నా కాదు. ఈ హింట్‌ని సహాయం పేరాలో ఒక లైన్‌గా రాస్తే చాలు, మార్కు పోదు. రాయకపోతే? కంపైలర్ ఎర్రర్ ఏంటో ఎవరో చెప్పారు, డీబగ్గర్ ఎలా వాడాలో చూపించారు, ఇలాంటివి రాయకపోయినా నాకు ఇబ్బంది లేదు, ఆ పనులకి ఇక్కడ మార్కులు లేవు. కానీ EMPTY పెడితే ఎందుకు పనిచేయదు అన్నది ఈ ల్యాబ్ అడిగే అసలు ప్రశ్న, అందుకే దాని మీద వచ్చిన హింట్ రాయాల్సిందే. పైగా రిపోర్ట్‌లో "ఈ బగ్‌ని ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టి కనిపెట్టాను" అని రాశాడు. ఎవరూ అడగని కథ అది. హింట్ తీసుకోవడంలో ఏ తప్పూ లేదు, ఈ వాక్యంలో ఉంది.

రెండోది insert. ఇక్కడ కోర్సు రూల్ దాటాడు, అది ఒక విషయం. సహాయం తీసుకోలేదని రాశాడు, అది ఇంకో విషయం, రెండూ ఒకటి కాదు. స్టూడెంట్స్ ఎక్కువగా కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. "insert ఫలానా క్లాస్‌మేట్‌ది, నాది అనంత లూప్‌లో పడుతోంది, పాత వెర్షన్ కింద పెట్టాను" అని రాసుంటే, insertకి ఉన్న మార్కులు రావు, అంతే. ఒప్పుకుంటే మార్కులు వచ్చేస్తాయని కాదు, వేరేవాళ్ళ పనికి మనకి మార్కు ఎలా వస్తుంది. కానీ అప్పుడది మార్కుల లెక్క మాత్రమే అయ్యేది, మోసం లెక్క అయ్యేది కాదు. వేరియబుల్ పేర్లు మార్చడం దీన్ని ఇంకా బరువు చేసింది, పేర్లు మార్చడానికి దాచడం తప్ప ఇంకో కారణం ఏదీ నాకు కనపడలేదు.

మూడోది కొలతలు. దీంట్లో సహాయం అనేదే లేదు, ఎవరూ ఏ పనీ చేసిపెట్టలేదు. జరగని రన్‌ని జరిగినట్టు రాశాడు. ప్రోగ్రామింగ్ ల్యాబ్ అయినా ఇది ల్యాబే కదా, కొలిచింది కొలిచినట్టు రాయడమే సగం పని. ఆ టేబుల్ మీద "ఫార్ములా విలువలు" అని హెడ్డింగ్ ఉండి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, అవే నంబర్లు, అవే గళ్ళు.

ఏం చేశామంటే, కొలతల 6కి సున్నా, insertకి సున్నా. find, delete నా ముందు మళ్ళీ రాయించాను, రాశాడు, వాటికి మార్కులు ఇచ్చాను. వైవాలో తెలిసినంతకి ఇచ్చాను. విషయం కోర్సు కోఆర్డినేటర్‌కి రాతపూర్వకంగా వెళ్ళింది, ఎందుకంటే తప్పుడు కొలతల సంగతి నేనొక్కడినే తేల్చేయడం పద్ధతి కాదు, రేపు ఇంకో ఇన్‌స్ట్రక్టర్ ఇంకోలా తేలుస్తాడు. అమ్మాయికి ఫైల్ పంపినందుకు హెచ్చరిక, మార్కులు తగ్గించలేదు, ఆమె రాసింది నిజం. ఆమెని కూడా సమానంగా శిక్షించాలని ఒక సహోద్యోగి అన్నారు. అలా చేస్తే తర్వాతి బ్యాచ్‌లో సహాయం పేరాలో ఎవరూ నిజం రాయరు, అందుకే నేను ఒప్పుకోలేదు.

తర్వాత ఆ అబ్బాయి కూర్చుని insert మళ్ళీ రాశాడు. మార్కుల కోసం కాదు, తర్వాతి ల్యాబ్ దీని మీదే కట్టాలి. ఎలా రాయాలో చెప్పాను: ఆ ఫైల్ తీసేయ్, ఏం అర్థమైందో కోడ్ లేకుండా మామూలు మాటల్లో కాగితం మీద రాయి, తర్వాత దాన్ని చూసి కోడ్ కొట్టు. అతను రాసింది ఇదీ: "EMPTY వచ్చేదాకా వెళ్ళాలి. దారిలో మొదటి DELETED ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. అదే కీ కనిపిస్తే ఆపేయాలి. కనపడకుండా EMPTY వస్తే గుర్తుపెట్టుకున్న చోట, అది లేకపోతే ఆ EMPTYలోనే పెట్టాలి." ఈ నాలుగు వాక్యాలూ రాయగలిగాక కోడ్ ఎంతసేపు. ఇది ఆ అమ్మాయి కోడ్‌లో లేదు కూడా, ఆమె బగ్ ఆమెకి అలాగే ఉంది, అతనే వెళ్ళి చెప్పాడు. కొత్త సహాయం పేరా ఇలా రాశాడు:

"DELETED అవసరం ఎందుకో క్లాస్‌మేట్ ఇచ్చిన ఉదాహరణతో (5, 106) అర్థమైంది. మొదట ఆమె insert వాడాను, అది తీసేసి మళ్ళీ రాశాను. డూప్లికేట్ బగ్ వైవాలో సర్ చూపించారు. కొలతలు మూడు సీడ్‌లతో, అంటే మూడు వేర్వేరు రాండమ్ కీల సెట్లతో, నేనే తీశాను: ఉన్న కీకి 3.58, 4.21, 3.70. పుస్తకంలోని 5.5తో కలవవు, అది పెద్ద టేబుల్స్‌కి."

ఇంతకంటే పెద్దగా రాయక్కర్లేదు. ఎవరి నుంచి, దేని మీద, ఆ తర్వాత నేనేం చేశాను, ఈ మూడూ కనపడాలి. "స్నేహితులతో చర్చించాను" అని రాసేవాళ్ళు చాలామంది, దాంతో నాకు ఏమీ తెలియదు, హింటా, ఫంక్షనా, మొత్తం ఫైలా?

ఇంకో చిన్న సంగతి. అతను మళ్ళీ కొలిచేటప్పుడు మొదట అదే కీలని వరస మార్చి పెట్టి చూశాడు, ప్రతిసారీ 3.58 వచ్చింది, మళ్ళీ ఏదో తప్పయ్యిందని కంగారుగా వచ్చాడు. తప్పు కాదు. లీనియర్ ప్రోబింగ్‌లో అవే కీలని ఏ వరసలో పెట్టినా మొత్తం ప్రోబ్‌లు మారవు, ఒక కీ ముందుకు జరిగితే ఇంకోటి అంతే వెనక్కి పోతుంది, మధ్యలో డిలీట్లు లేనంతవరకు. వేరే సగటు కావాలంటే కీలే మార్చాలి. నిజంగా రన్ చేసినవాళ్ళకే ఎదురయ్యే డౌట్ ఇది, అందుకే ఇప్పుడు వైవాలో నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

షీట్‌లో కూడా రెండు మార్చాం. ప్రతి ఒక్కరికీ వేరే సీడ్, అది రోల్ నంబర్ నుంచి వస్తుంది. టేబుల్‌లో సగటులతో పాటు మొత్తం ప్రోబ్‌ల పూర్ణ సంఖ్య రాయాలి, ప్రోగ్రామ్ అవుట్‌పుట్ ఫైల్ జత చేయాలి. దీంతో ఫార్ములా నంబర్లు వేసేయడం దాదాపు ఆగింది. కానీ ఫ్రెండ్ కోడ్ తీసుకుని తన సీడ్‌తో నిజంగానే రన్ చేసి, నిజమైన కొలతలే రాసి, సహాయం పేరా ఖాళీగా వదిలేసేవాళ్ళని ఈ మార్పులు పట్టుకోలేవు. మాస్ కూడా చిన్న ఫంక్షన్ల మీద గట్టిగా ఏం చెప్పదు. వాళ్ళ విషయం ఇంకా బోర్డ్ దగ్గరే తేలాలి, ఒక్కొక్కరితో 5, 106 పెట్టించి, అరవై మంది బ్యాచ్ అయితే అందరితోనూ అంతసేపు కూర్చోవడం కుదరడం లేదు.